వన్-హాట్ ఎన్‌కోడింగా, బైనరీనా? ఒక యూఆర్ట్ రిసీవర్ కంట్రోలర్‌తో తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ కంట్రోలర్‌ని పెట్టుకుని పోలుస్తున్నాం?

సీరియల్ లైన్ మీద వచ్చే బైట్‌ని అందుకునే యూఆర్ట్ రిసీవర్‌ని తీసుకుందాం. దీనికి ఐదు స్థితులు. లైన్ ఖాళీగా ఉన్నంతసేపు ఐడిల్. లైన్ కిందికి దిగగానే స్టార్ట్. స్టార్ట్ బిట్ నడిమధ్యలో మళ్లీ చూసినప్పుడు ఇంకా కిందే ఉంటే డేటా, పైకి లేచి ఉంటే అది ఉత్త నాయిస్ కాబట్టి తిరిగి ఐడిల్. ఎనిమిది బిట్లు అయ్యాక ప్యారిటీ, ఆ తర్వాత స్టాప్, మళ్లీ ఐడిల్.

కంట్రోలర్ చూసే ఇన్‌పుట్‌లు మూడే. `rx` అంటే లైన్. `m` అంటే ప్రతి బిట్ నడిమధ్యలో ఒక్క క్లాక్ సేపు వచ్చే పల్స్. `l` అంటే ఇప్పుడు నడుస్తున్నది ఎనిమిదో బిట్ అని కౌంటర్ చెప్పే సంకేతం. బాడ్ కౌంటర్, బిట్ కౌంటర్, షిఫ్ట్ రిజిస్టర్ రెండు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఫ్లిప్-ఫ్లాప్‌లు ఎన్నెన్ని పడతాయి?

బైనరీలో మూడు, వన్-హాట్‌లో ఐదు. మూడు బిట్లతో ఎనిమిది కోడ్‌లు వస్తాయి. ఐదు వాడుకుంటాం, మూడు మిగిలిపోతాయి. వన్-హాట్‌లో స్థితికి ఒక ఫ్లాప్, ఎప్పుడు చూసినా వాటిలో ఒక్కటే 1. ఐదు ఫ్లాప్‌లకి 32 కోడ్‌లు సాధ్యం కాబట్టి అక్కడ పనికిరాని కోడ్‌లు 27. ఈ 27 అనే అంకెని గుర్తుంచుకోండి. వన్-హాట్‌తో వచ్చే తలనొప్పులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

తర్వాతి స్థితి లాజిక్ రెండింటికీ రాసి చూపిస్తారా?

వన్-హాట్‌కి K-మ్యాప్ అక్కర్లేదు. స్టేట్ డయాగ్రమ్ ముందు పెట్టుకుని, ఒక్కో గుండ్రం లోపలికి ఎన్ని బాణాలు వస్తున్నాయో చూసి అలాగే రాసేయడమే:

```
I_n = I&rx | S&m&rx | O&m;
S_n = I&~rx | S&~m;
D_n = S&m&~rx | D&~m | D&~l;
P_n = D&m&l | P&~m;
O_n = P&m | O&~m;
```

ఇక్కడ I ఐడిల్, S స్టార్ట్, D డేటా, P ప్యారిటీ, O స్టాప్.

బైనరీలో ఇదే వరుసలో 000, 001, 010, 011, 100 ఇచ్చి, మిగిలిన మూడు కోడ్‌లని డోంట్ కేర్‌గా వదిలి సింప్లిఫై చేస్తే ఇలా వస్తుంది:

```
q2_n = q1&q0&m | q2&~m;
q1_n = q1&~q0 | q1&~m | ~q1&q0&m&~rx;
q0_n = ~q2&~q1&~q0&~rx | q0&~m | q1&~q0&m&l;
```

వన్-హాట్ లాజిక్ తేలిక అంటారు కదా, ఇక్కడ బైనరీదే తక్కువ వచ్చిందేంటి?

సరిగ్గానే పట్టుకున్నారు. వన్-హాట్‌లో 12 ప్రోడక్ట్ టర్మ్‌లు, బైనరీలో 8. లిటరల్స్ లెక్క వేసినా 27కి 23. పాఠ్యపుస్తకంలోని "వన్-హాట్ అంటే లాజిక్ తక్కువ" అనే మాటని మొత్తం గేట్ల లెక్కగా చదవకూడదు. తేలిక అయ్యేది ఒక్కో సమీకరణం. ఒక ఫ్లాప్ తన తర్వాతి విలువ తేల్చుకోవడానికి ఎన్ని సంకేతాలు చూడాలన్నదే అసలు ప్రశ్న.

వన్-హాట్‌లో డేటా ఫ్లాప్ చూసేవి తన ముందున్న స్టార్ట్, తను, ఇంకా మూడు ఇన్‌పుట్‌లు. ప్యారిటీతో గానీ స్టాప్‌తో గానీ దానికి పని లేదు. బైనరీలో `q0` ఏ స్థితి గురించి మాట్లాడుతోందో తేల్చుకోవాలంటే మూడు స్టేట్ బిట్లూ చూడాలి. పైగా ఏ స్థితి ఏ ఇన్‌పుట్‌ని పరీక్షించినా అది `q0` సమీకరణంలోకి వచ్చి కూర్చోవచ్చు. ఐదు స్థితుల దగ్గర ఆ భారం తెలియదు, ఎందుకంటే ఉన్నవి మొత్తం మూడు స్టేట్ బిట్లు, మూడు ఇన్‌పుట్‌లు.

మరి ఎఫ్‌పీజీఏలో ఎన్ని ఎల్‌యూటీలు?

ఆరు ఇన్‌పుట్‌ల ఎల్‌యూటీ ఉన్న జైలింక్స్ 7 సిరీస్ చిప్ అనుకుందాం. ఆరు సంకేతాల లోపు ఎంత గజిబిజి ఫంక్షన్ అయినా ఒకే ఎల్‌యూటీలో పడుతుంది. అందుకే అక్కడ గేట్లు లెక్కపెట్టి లాభం లేదు, ఇన్‌పుట్‌లు లెక్కపెట్టాలి. పైన ఉన్న ఎనిమిది సమీకరణాల్లో ఆరు దాటింది ఒక్కటీ లేదు. విడివిడిగా పెడితే బైనరీకి మూడు, వన్-హాట్‌కి ఐదు.

ఆ ఎల్‌యూటీకి ఇంకో వెసులుబాటు ఉంది. రెండు ఫంక్షన్‌లకి కలిపి ఐదు వేర్వేరు ఇన్‌పుట్‌లు మించకపోతే రెండూ ఒకే ఎల్‌యూటీలో ఇమిడిపోతాయి. అలా చూస్తే `I_n`, `S_n` ఒక జంట. వాటికి I, S, O, `rx`, `m` చాలు. `P_n`, `O_n` ఇంకో జంట. `D_n` ఒంటరిగా మిగులుతుంది. మొత్తం మూడు. బైనరీలో `q2_n`, `q1_n` జతకడితే మొత్తం రెండు. అంటే తేడా ఒక్క ఎల్‌యూటీ, రెండు ఫ్లాప్‌లు. ఈ సిరీస్‌లో ఒక్కో స్లైస్‌లో నాలుగు ఎల్‌యూటీలకి ఎనిమిది ఫ్లాప్‌లు ఉంటాయి కాబట్టి, ఆ రెండు ఫ్లాప్‌ల గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు.

స్థితులు పెరిగితే ఈ లెక్క ఎక్కడ తిరగబడుతుంది?

20 స్థితులు, 8 ఇన్‌పుట్‌లు ఉన్న కంట్రోలర్ ఊహించుకోండి. బైనరీకి ఐదు ఫ్లాప్‌లే. కానీ ఒక్కో బిట్ సమీకరణం ఐదు స్టేట్ బిట్లు, ఎనిమిది ఇన్‌పుట్‌లు కలిపి 13 సంకేతాల మీద ఆధారపడే అవకాశం ఉంది. 13 సంకేతాలు ఒక ఎల్‌యూటీలో పట్టవు. ఎంత అదృష్టం ఉన్నా కనీసం మూడు ఎల్‌యూటీలు, రెండు అంచెలు కావాలి. ఫంక్షన్ చిక్కుగా ఉంటే అంతకంటే చాలా ఎక్కువ.

అదే వన్-హాట్‌లో ఒక స్థితికి ముందున్నవి రెండు స్థితులు, ఒక్కోటీ ఒక్కో ఇన్‌పుట్‌ని చూస్తుంది, తనలో తను ఆగడానికి ఇంకో ఇన్‌పుట్ అనుకుంటే మొత్తం ఆరు సంకేతాలు. ఒకే ఎల్‌యూటీ, ఒకే అంచె. స్థితులు 20 అయినా 40 అయినా ఆ ఆరు పెరగవు. లోపలికి వచ్చే బాణాలు పెరిగితేనే పెరుగుతాయి. వేగం కావాల్సిన చోట వన్-హాట్ వాడేది ఇందుకే.

కాబట్టి స్థితుల సంఖ్య చూసి నిర్ణయించేయకండి. డయాగ్రమ్‌లో ఏ గుండ్రంలోకి ఎక్కువ బాణాలు వస్తున్నాయో చూడండి. సాధారణంగా అది ఐడిల్ గానీ ఎర్రర్ గానీ అవుతుంది. పన్నెండు స్థితులు ఒక్కోటీ తన సొంత షరతుతో ఐడిల్‌కి వస్తుంటే ఆ ఒక్క ఫ్లాప్ ముందే 24 సంకేతాలు చేరతాయి. మొత్తం కంట్రోలర్ వేగాన్ని అదే కిందికి లాగుతుంది. ఆ బాణాలన్నిటిదీ `abort` లాంటి ఒకే షరతు అయితే దాన్ని లాజిక్‌లో కలపకుండా సింక్రనస్ రీసెట్‌లా రాయండి. ఐడిల్ ఫ్లాప్‌కి అది సెట్, మిగతా వాటికి రీసెట్. టూల్ దాన్ని ఫ్లాప్‌కి ఉన్న కంట్రోల్ పిన్‌కే కలిపితే ఒక్క ఎల్‌యూటీ కూడా ఖర్చు కాదు.

తర్వాత ఒక స్థితి చేర్చాల్సి వస్తే?

వన్-హాట్‌లో హాయి. పైన ఉన్న డిజైన్‌లో ఒక లోపం ఉంది. స్టాప్ బిట్ దగ్గర లైన్ ఇంకా కిందే ఉన్నా ఐడిల్‌కి వెళ్లిపోతుంది, వెళ్లగానే అదే కింది స్థాయిని కొత్త స్టార్ట్ బిట్ అనుకుంటుంది. దీనికి ఫ్రేమింగ్ ఎర్రర్ స్థితి, E, పెట్టి లైన్ పైకి లేచేదాకా అక్కడ ఆపాలి. కొత్తగా `E_n = O&m&~rx | E&~rx` రాస్తాం. ఐడిల్‌లో `O&m` బదులు `O&m&rx` పెట్టి, `E&rx` చేరుస్తాం. మిగతా నాలుగూ కదలవు. ఐడిల్ ఇప్పుడు I, S, O, E, `rx`, `m` అనే ఆరు సంకేతాల మీద నిలుస్తుంది. ఇంకా ఒక ఎల్‌యూటీలోనే ఉంది.

బైనరీలో E కి 101 ఇస్తే మూడు సమీకరణాలూ మారతాయి. ఇంతకుముందు 101ని డోంట్ కేర్‌గా వాడుకుని `q2` ని వదిలేసిన టర్మ్‌లన్నిట్లోకీ ఇప్పుడు దాన్ని తిరిగి తేవాలి. టూల్ చేస్తుంది కాబట్టి మనకి శ్రమ లేదు. కాకపోతే చిన్న మార్పు చేసినా క్రిటికల్ పాత్ ఎటు పోతుందో ముందుగా చెప్పలేం.

వన్-హాట్ పెట్టాక బోర్డు మీద రిసీవర్ అప్పుడప్పుడూ మొద్దుబారిపోతోంది, రీసెట్ కొడితే గానీ లేవదు. సిమ్యులేషన్‌లో అంతా బాగానే ఉంది. ఎందుకు?

నూటికి తొంభై సార్లు `rx` ని సింక్రనైజ్ చేయకపోవడమే కారణం. లైన్ మన క్లాక్‌తో సంబంధం లేకుండా మారుతుంది. ఐడిల్‌లో ఉన్నప్పుడు `rx` రెండు ఫ్లాప్‌లకి వెళ్తోంది చూడండి. ఐడిల్‌కి `I&rx`, స్టార్ట్‌కి `I&~rx`. ఆ రెండు దారుల వైర్ ఆలస్యం ఒకేలా ఉండదు. క్లాక్ అంచుకి సరిగ్గా ముందు లైన్ పడిపోతే, ఐడిల్ ఫ్లాప్ "లైన్ పడింది, నేను దిగిపోతున్నా" అంటుంది, స్టార్ట్ ఫ్లాప్ "లైన్ ఇంకా పైనే ఉంది, నేను ఎక్కను" అంటుంది. అంతే, ఐదూ సున్నా.

ఇప్పుడు ఆ ఐదు సమీకరణాల్లో అన్నీ సున్నాలు వేసి చూడండి. ప్రతి టర్మ్‌లోనూ ఏదో ఒక స్థితి ఉంది కాబట్టి ప్రతి టర్మ్ సున్నా. తర్వాతి క్లాక్‌కీ అంతే, ఆ తర్వాతా అంతే. లైన్ మీద ఏం వచ్చినా కదలదు. మొద్దుబారడం అంటే ఇదే.

దీనికి తిరగేసి కూడా జరుగుతుంది. ఐడిల్ దిగకుండా స్టార్ట్ ఎక్కితే రెండు స్థితులు ఒకేసారి 1. అప్పుడు రిసీవర్ ఆగిపోదు, చెత్త బైట్లు ఇస్తుంది, కొన్నిసార్లు రెండూ ఐడిల్‌లో కలుసుకుని తనంతట తనే బాగైపోతుంది. వెతకడానికి ఇది మరీ చిరాకైన జబ్బు.

మందు తెలిసిందే. `rx` ని రెండు ఫ్లాప్‌ల గుండా పంపి, రెండోదాని అవుట్‌పుట్‌నే అన్ని చోట్లా వాడాలి. ఒక చోట `rx_sync`, ఇంకో చోట పొరపాటున `rx` రాస్తే మళ్లీ మొదటికే. రీసెట్‌నీ చూసుకోండి. అసింక్రనస్ రీసెట్ క్లాక్ అంచు దగ్గర వదిలితే, అదే సమయానికి లైన్ కింద ఉంటే, ఐడిల్ దిగిపోయి స్టార్ట్ ఇంకా రీసెట్‌లోనే ఉండిపోవచ్చు. మళ్లీ ఐదూ సున్నా. రీసెట్ పడటం ఎలాగైనా పడనివ్వండి, వదలడం మాత్రం క్లాక్‌తో కలిపి జరగాలి.

అదే డిజైన్ బైనరీలో ఏ సింక్రనైజర్ లేకుండానే నడిచింది. బైనరీ భద్రమా?

కాదు, కోడ్‌ల వరుస కలిసొచ్చింది. 000 నుంచి 001కి మారేది `q0` ఒక్కటే. స్టార్ట్ నుంచి బయటికి వెళ్లేటప్పుడు `q0` ఎలాగూ దిగుతుంది, `rx` మీద ఆధారపడేది `q1` ఒక్కటే. ఎక్కడా `rx` ఒకే క్షణంలో రెండు బిట్లని శాసించడం లేదు. స్టార్ట్‌కి 001 బదులు 011 ఇచ్చి ఉంటే `q1`, `q0` రెండూ `rx` ని చూసి మారాలి. ఒకటి మారి ఇంకోటి మారకపోతే కంట్రోలర్ నేరుగా వేరే సక్రమమైన స్థితిలోకి దూకుతుంది. వన్-హాట్‌లో తప్పు కోడ్ కనీసం తప్పు కోడ్‌లా కనిపిస్తుంది. బైనరీలో ఆ సాక్ష్యమూ మిగలదు.

వాడని కోడ్‌ల సంగతి కూడా అలాంటిదే. పై సమీకరణాల్లో 111 వేసి చూస్తే `m` వచ్చేదాకా అక్కడే ఉండి, రాగానే 100కి, అంటే స్టాప్‌కి వెళ్తుంది. 101, 110 కూడా `m` రాగానే ఏదో ఒక సక్రమమైన స్థితికి చేరతాయి. ఇది మనం అడిగి చేయించుకున్నది కాదు, డోంట్ కేర్‌లు అలా పడ్డాయి. ఇంకో వరుసలో రెండు వాడని కోడ్‌ల మధ్యే తిరుగుతూ ఉండిపోవచ్చు.

`default` లో ఐడిల్‌కి పంపమని రాశాను. అయినా ఎందుకు లేవడం లేదు?

ఆ స్థితికి చేరే దారి కోడ్‌లో లేదని టూల్ తేల్చుకుని ఆ `default` ని తీసేసింది కాబట్టి. దాని దృష్టిలో అది ఎప్పటికీ నడవని లైన్. నిజంగా కావాలంటే విడిగా అడగాలి. వివాడోలో ఇలా:

```
(* fsm_encoding = "one_hot",
   fsm_safe_state = "reset_state" *)
reg [2:0] state;
```

క్వార్టస్‌లో `syn_encoding = "safe, one-hot"`. దీనికి అదనపు లాజిక్ ఖర్చవుతుంది. ఐదు బిట్లలో సరిగ్గా ఒక్కటే 1 ఉందా అని చూడటం ఒక ఎల్‌యూటీ పని. 20 బిట్లకి అదే చూడాలంటే అంచెలు పడతాయి, వన్-హాట్‌తో సంపాదించిన వేగంలో కొంత అక్కడే పోతుంది.

పరీక్షించడానికి గేట్-లెవెల్ సిమ్యులేషన్‌లో స్టేట్ ఫ్లాప్‌లన్నిటినీ `force` తో సున్నా చేసి, రెండు క్లాక్‌ల తర్వాత `release` చేసి, ఐడిల్‌కి వస్తుందో లేదో చూడండి. ఆర్టీఎల్ సిమ్యులేషన్‌లో చేస్తే `default` పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. మోసం అక్కడే.

సున్నాల బెడద పూర్తిగా పోయే పద్ధతి ఉందా?

ఉంది, పైగా ఒక ఫ్లాప్ తగ్గుతుంది. ఐడిల్‌కి ఫ్లాప్ తీసేయండి. మిగతా నాలుగూ సున్నా అయితే అదే ఐడిల్ అనుకోండి. మారేది స్టార్ట్ ఒక్కటే:

```
S_n = ~S&~D&~P&~O&~rx | S&~m;
```

ఆరు సంకేతాలు, ఇంకా ఒకే ఎల్‌యూటీ. `I_n` అసలు ఉండదు. జతలు కట్టాక మూడు ఎల్‌యూటీలు, నాలుగు ఫ్లాప్‌లు. అన్నీ సున్నాతో పవర్-అప్ అయినా సరైన స్థితిలోనే ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఐడిల్‌లో `rx` ని చూసేది ఇప్పుడు స్టార్ట్ ఒక్కటే, స్టార్ట్ నుంచి వెళ్లేటప్పుడు చూసేది డేటా ఒక్కటే. అలాగని సింక్రనైజర్ తీసేయొద్దు, షిఫ్ట్ రిజిస్టర్‌కీ అదే `rx` వెళ్తోంది. రెండు ఫ్లాప్‌లు ఒకేసారి 1 అయ్యే ప్రమాదం కూడా దీనితో పోదు.

స్థితులు ఎక్కువైతే ఆ "అన్నీ సున్నా" టర్మ్ పొడవవుతుంది. 20 స్థితుల దగ్గర 19 సంకేతాలు చూడాలి. చిన్న కంట్రోలర్లకి మాత్రం నా ఓటు దీనికే. క్వార్టస్ చేసేది వేరు. ఐడిల్ బిట్‌ని తిరగేసి నిల్వ చేస్తుంది, రీసెట్‌లో అన్నీ సున్నా అయ్యేలా. ఫ్లాప్‌ల సంఖ్య అదే ఉంటుంది.

నేను అడిగిన ఎన్‌కోడింగే టూల్ పెట్టిందని ఎలా తెలుస్తుంది?

వివాడో సింథసిస్ లాగ్‌లో `Synth 8-3354` అనే నంబర్ వెతకండి. `encoded FSM with state register` అంటూ ఏ ఎన్‌కోడింగ్ వాడిందో ఆ లైన్‌లో ఉంటుంది. దాని పైనే పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పట్టికగా ఉంటాయి. ఆ లైనే లేకపోతే మీ కోడ్‌ని అది స్టేట్ మెషీన్‌గా గుర్తించలేదన్నమాట. స్టేట్ రిజిస్టర్‌ని నేరుగా అవుట్‌పుట్ పోర్ట్‌గా పెట్టినప్పుడు ఇలా జరుగుతుంటుంది.

అప్పుడు మీరు చేత్తో `5'b00100` అని వన్-హాట్ విలువలు రాసుకున్నా ఫలితం దక్కదు. `case (state)` లో ప్రతి పోలికా ఐదు బిట్లనీ చూస్తుంది. ఫ్లాప్‌లేమో వన్-హాట్‌వి, డీకోడింగ్ ఏమో బైనరీలా. రెండింటి నష్టమూ మీకే. టూల్‌ని నమ్ముకోకుండా రాయాలంటే `case (1'b1)` పెట్టి `state[2]:` అంటూ ఒక్కో బిట్‌నే పరీక్షించండి.

ల్యాబ్‌లో 74 సిరీస్ ఐసీలతో, జీఏఎల్‌తో కడుతున్నాం. అక్కడేది నయం?

బ్రెడ్‌బోర్డ్ మీదైతే తేడా మీరు అనుకున్నంత ఉండదు. బైనరీకి 74HC175 ఒకటి చాలు, నాలుగు ఫ్లాప్‌లలో మూడు వాడతాం. వన్-హాట్‌కి ఆరు ఫ్లాప్‌లున్న 74HC174 ఒకటి చాలు. చిక్కు రీసెట్‌తో. రెండింట్లోనూ క్లియర్ పిన్ అన్ని ఫ్లాప్‌లకీ ఒక్కటే, సెట్ లేదు. ఐడిల్ 1తో మొదలవ్వాలి కదా. కాబట్టి ఐడిల్ D ముందు ఒక ఇన్వర్టర్, Q తర్వాత ఒక ఇన్వర్టర్ పెట్టాలి. 74HC175లో అయితే తిరగేసిన అవుట్‌పుట్ పిన్ దానికే ఉంటుంది కాబట్టి రెండో ఇన్వర్టర్ తప్పుతుంది. పైన చెప్పిన నాలుగు ఫ్లాప్‌ల పద్ధతి సరిగ్గా ఒక 74HC175లో ఇమిడిపోతుంది, ఐడిల్ గొడవే ఉండదు.

GAL22V10లో మాత్రం బైనరీయే. మాక్రోసెల్స్ పదే, ఒక్కోదానికీ 8 నుంచి 16 దాకా ప్రోడక్ట్ టర్మ్‌లు. అక్కడ టర్మ్‌లు పుష్కలం, ఫ్లాప్‌లే కరువు. మన బైనరీ సమీకరణాల్లో మూడు టర్మ్‌లు మించినది లేదు. వన్-హాట్‌తో సగం చిప్ స్థితులకే పోతుంది.

అవుట్‌పుట్‌లో గ్లిచ్‌లు వస్తున్నాయి. ఎన్‌కోడింగ్ మారిస్తే పోతాయా?

బైనరీలో ప్యారిటీ 011 నుంచి స్టాప్ 100కి వెళ్లేటప్పుడు మూడు బిట్లూ ఒకేసారి మారాలి. అవి కచ్చితంగా ఒకే క్షణంలో మారవు కాబట్టి, మధ్యలో 000 లాంటి కోడ్ ఒక్క క్షణం మెరిసి, స్థితిని డీకోడ్ చేసే గేట్‌లో సూదిలాంటి పల్స్ రావచ్చు. వన్-హాట్‌లో స్టాప్ సంకేతం కావాలంటే O ఫ్లాప్ అవుట్‌పుట్‌నే తీసుకుంటాం, మధ్యలో గేట్ లేదు కాబట్టి గ్లిచ్ లేదు. కానీ `D&m` లాంటి షిఫ్ట్ ఎనేబుల్‌కి గేట్ ఉంటుంది, అది ఏ ఎన్‌కోడింగ్‌లోనైనా మెరవచ్చు. అదే క్లాక్‌తో నడిచే ఫ్లాప్ ఎనేబుల్‌కి వెళ్తే టైమింగ్ కుదిరినంతవరకు నష్టం లేదు. లాచ్‌కో, బయటి మెమరీ రైట్ పిన్‌కో వెళ్తుంటే ఎన్‌కోడింగ్ మార్చి ఊరుకోకండి, ఆ అవుట్‌పుట్‌కి ఒక ఫ్లాప్ పెట్టండి. ఒక క్లాక్ ఆలస్యం అవుతుంది, దాన్ని కౌంటర్ వైపు సర్దుకోవాలి.